గాలి ఒప్పుకోని లెక్క

మే పద్నాలుగున ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు, నేను వెంట తీసుకెళ్ళిన థర్మామీటరు ఆ గదిలో ముప్పై ఎనిమిది డిగ్రీలు చూపించింది. ఫరీదాబాద్‌లో ఒక కాలేజీ, రెండో అంతస్తులో ఫిజిక్స్ ల్యాబ్. బీఎస్సీ ఆఖరి ఏడాది వాళ్ళకు ప్రాక్టికల్ పరీక్ష. నేను బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌ని. రిటైరై ఆరేళ్ళయినా ఇలాంటి పరీక్షలకు నన్ను పిలుస్తూనే ఉంటారు. మనిషి దొరకడం కష్టం. నేనుండే జియా సరాయ్ నుంచి మెట్రోలో అంత దూరం వెళ్ళి, ఎండలో పావుగంట నడవడానికి ఇష్టపడేవాళ్ళు తక్కువ.

ఏ పరీక్షకు వెళ్ళినా ముందు గది వేడి రాసుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పాను, అప్పుడూ అంతే. ఆ రోజు నా నోటుబుక్కులో తేదీ, వేడి, పిల్లల సంఖ్య పదకొండు అని ఉన్నాయి. వాటి కింద ఒక వాక్యం ఉంది: "కూలరు నీళ్ళ వాసన. గాలి నిద్రపోతున్నట్టుంది."

ఆ వాక్యం ఎందుకు రాశానో ఇప్పటికీ గుర్తుంది. కిటికీలకు పాత పసుపు కర్టెన్లు వేసి ఉన్నాయి. వాటిలోంచి వచ్చే వెలుతురులో గది అడుగున తేనె పోసినట్టు ఉంది. కూలరు తిరుగుతోంది, చప్పుడే తప్ప చల్లదనం లేదు. పదకొండుమంది పిల్లలు పదకొండు బల్లల దగ్గర తలలు వంచుకుని ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. దూరంగా ఏదో కార్ఖానాలో ఒక యంత్రం ఆగి ఆగి కొడుతోంది. ఆ చప్పుడు లేకపోతే కాలం నడుస్తోందని కూడా తెలిసేది కాదు.

మూలబల్ల మీద పెద్ద గాజు సీసా ఉంది. మన చిన్నప్పుడు యాసిడ్ తెచ్చే సీసాలంత పెద్దది. దాని మూతికి ఒక వాల్వు, పక్కన రంగునీళ్ళున్న యు ఆకారపు గొట్టం. దానితో చేసే ప్రయోగం చాలా పాతది. సీసాలోకి పంపుతో కొంచెం గాలి ఎక్కించాలి. లోపలి గాలి గది వేడికి వచ్చేదాకా ఆగి, గొట్టంలో నీటి ఎత్తు చూడాలి. అది మొదటి ఎత్తు. తరవాత వాల్వు ఒక్క క్షణం తెరిచి మూయాలి. ఎక్కువైన గాలి సుయ్ మని పోతుంది, మిగిలిన గాలి చల్లబడుతుంది. మూసిన సీసాలో అది మళ్ళీ మెల్లగా వేడెక్కుతుంటే నీళ్ళు పైకి లేస్తాయి. అది రెండో ఎత్తు. మొదటి ఎత్తును, రెండు ఎత్తుల తేడాతో భాగిస్తే గామా అనే సంఖ్య వస్తుంది. ఆ గాలి అణువులు వేడిని ఎన్ని విధాలుగా దాచుకుంటాయో ఆ సంఖ్యలో ఉంటుంది.

నాకు ఇప్పటికీ ఇది మాయగానే ఉంటుంది. ఒక సీసా, కాసిని నీళ్ళు, ఒక స్కేలు. వాటితో కంటికి కనపడనిదాని లోపలి సంగతి తెలుస్తుంది.

చీటీలు తీస్తే ఆ సీసా ఒక అమ్మాయికి వచ్చింది. సన్నటి పిల్ల, భుజాన చున్నీ రెండు సార్లు చుట్టుకుని ఉంది. పదకొండు ముప్పైకల్లా కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పరీక్ష ఒంటిగంట దాకా. అంత తొందరగా ఎవరూ ఇవ్వరు.

చూశాను. ఐదు రీడింగులు. మొదటిది: పద్దెనిమిది సెంటీమీటర్లు, నాలుగు. తరవాత ఇరవై రెండున్నర, ఐదు. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది, నాలుగు పాయింట్ నాలుగు. మిగతా రెండూ అదే తీరు. నాకు పెన్సిల్ అక్కర్లేకపోయింది. ప్రతిచోటా రెండో ఎత్తు మొదటిదానిలో సరిగ్గా తొమ్మిదింట రెండు వంతులు. ఐదింటికి ఐదు, ఒక మిల్లీమీటరు కూడా అటూ ఇటూ లేదు. గామా 1.286.

గాలి ఎవరికీ అంత మర్యాద చెయ్యదు. ఇవి కొలిచినవి కావు. కావలసిన జవాబు ముందు పెట్టుకుని, వెనకనుంచి రీడింగులు కట్టినవి. మన ల్యాబుల్లో ఇది కొత్తేమీ కాదు, పిల్లలకు ఇదొక చేతిపని. అయితే కట్టేవాళ్ళందరూ 1.40 వచ్చేలా కడతారు, ఎందుకంటే పుస్తకంలో గాలికి ఉన్నది అదే. 1.286 వచ్చేలా కట్టినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడే ఇంటర్నల్ ఎగ్జామినర్ నా భుజం మీదుగా చూశాడు. నలభై దాటిన మనిషి, ఆ కాలేజీ లెక్చరరే. ఆయన మాటలు హిందీలోవి, తెలుగు చేసి రాస్తున్నాను.

"మేడమ్ జీ, ఈమెతో వచ్చిన చిక్కే ఇది. రికార్డులో కూడా ఇలాగే రాసింది. నేను ఎర్రసిరాతో 1.40 అని దిద్దాను. పరీక్షలో మళ్ళీ అదే రాసింది చూడండి. మొండి. రిజల్ట్ తప్పు, ఇక మార్కులెక్కడివి?"

"పాస్ కావాలంటే ఎంత రావాలి?"

"యాభైకి ఇరవై. రీడింగులకు ఇరవై ఐదు, వైవాకు ఇరవై, రికార్డుకు ఐదు. రీడింగులు పోతే ఇక కష్టమే." గొంతు తగ్గించాడు. "మొత్తం క్లాసులో ఎమ్మెస్సీ ఎంట్రన్స్ పాసైంది ఈమె ఒక్కతే. జులైలో మార్కుల కాగితం చూపించకపోతే సీటు పోతుంది. తెలివి ఉంటే చాలుతుందా? చెప్పింది వినాలి కదా."

నేను మిగతా పదిమంది రికార్డులూ తెప్పించి అదే ప్రయోగం పేజీ తీశాను. పదింటిలోనూ రెండో ఎత్తు మొదటిదానిలో సరిగ్గా ఏడింట రెండు వంతులు. పదింటిలోనూ గామా 1.400. కింద ఆయన సంతకం, గుడ్ అని.

"ఇవో?" అన్నాను.

ఆయన నవ్వాడు. "సీసా లీకు మేడమ్ జీ. రెండేళ్ళుగా లీకే. పిల్లలేం చేస్తారు? కనీసం వీళ్ళ విలువ కరెక్టే కదా."

ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకూ లేదు. నా కాలేజీలో రిజల్టుకు ఐదు మార్కులని పెట్టింది నేనే. 1.40కి మూడు శాతం లోపల వస్తే ఐదు, ఐదు శాతం లోపల వస్తే మూడు. ఆ పట్టిక ఇరవై రెండేళ్ళు గోడకు అంటించి ఉంది. కట్టిన రీడింగులు పట్టుకుని ఆ ముప్పై నాలుగేళ్ళలో ఏడుగురికి సున్నా వేశాను. ఆ పట్టికే వాళ్ళకు ఆ పని నేర్పిందేమోనన్న ఆలోచన, ఆ పసుపు వెలుతురులో, పది రికార్డులు ముందేసుకుని కూర్చున్నప్పుడు మొదటిసారి వచ్చింది.

అమ్మాయిని పిలిచాను. హిందీలో అడిగాను, ఈ రీడింగులు ఎవరివని.

"నావే, ఆంటీ," అంది. వెంటనే నాలుక కరుచుకుంది. "సారీ, మేడమ్." ఆ కంగారులో తనకు తానే గొణుక్కున్న మాట తెలుగు: "అయిపాయె ఇగ."

"ఏ ఊరమ్మా?"

తలెత్తి చూసింది. "ఇక్కడే మేడమ్, ఫరీదాబాద్. అమ్మావాళ్ళది కరీంనగర్ దిక్కు."

"రీడింగులు కొలిచావా, కట్టావా?"

నా ముందున్న తన కాగితం వైపు ఒకసారి చూసింది.

"కట్టిన," అంది. "లీక్ ఉన్నది మేడమ్. పంప్ కొడితే నీళ్ళు నిలుస్తలేవు. అందరు కడ్తరు."

"అందరూ 1.40 కడతారు. నువ్వెందుకు దీనికి కట్టావు?"

"లెక్క గట్లనే వస్తది గదా. ఒంటి పరమాణువు గ్యాస్, అంటే హీలియం లాంటిది, మూడు దిక్కుల పోతది. మూడు తీర్లు. ఒక్కో తీరుకు గ్యాస్ స్థిరాంకం ఆర్‌ల సగం వాటా. మొత్తం ఒకటిన్నర ఆర్. ఇంకో ఆర్ కలిపి దీంతోని భాగిస్తే గామా ఐదుబటా మూడు. గాలిల ఉన్నయేమో రెండేసి పరమాణువులవి. మూడు దిక్కులు, తిరుగుడు రెండు తీర్లు. మళ్ళ నడుమ స్ప్రింగ్ లెక్క ఊగుతది. ఊగుడుకు రెండు, కదిలే శక్తి ఒకటి, సాగే శక్తి ఒకటి. ఏడు. మూడున్నర ఆర్. గామా తొమ్మిదిబటా ఏడు." ఒక్క గుక్కలో చెప్పి ఊపిరి తీసుకుంది. "శక్తి అందరికీ సమానంగా పంచాలన్నప్పుడు, ఊగుడుకు మాత్రం ఎందుకియ్యరు? సార్‌ని అడిగిన. సార్ 1.40 అని దిద్దిండు, బస్. ఎందుకో చెప్పలే. చెప్తే రాద్దును."

పదిమంది ఆలోచించకుండా అబద్ధం రాశారు. ఈమె ఆలోచించి, తన ఆలోచన మీద నమ్మకంతో అబద్ధం రాసింది. శక్తిని అన్ని తీర్లకూ సమానంగా పంచే సమవిభజన సూత్రాన్ని ఆమె తప్పు చెప్పలేదు. ఒకప్పుడు పెద్దపెద్దవాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయారు. సూత్రం ఏడు అంటుంది, గాలి ఐదు అంటుంది.

గడియారం చూశాను. పదకొండు నలభై. ఒక రీడింగుకు పాతిక నిమిషాలు పడుతుంది: ఎక్కించాక పది నిమిషాలు ఆగాలి, వదిలాక పది, మిగతాది చేతిపని. మూడు రీడింగులకు డెబ్భై ఐదు. ఒంటిగంటకు ఇంకా ఎనభై ఉన్నాయి.

"ఈ కాగితానికి రీడింగుల మార్కులు సున్నా," అన్నాను. "ఇంకో కాగితం తీసుకో. నా ముందు కొలువు. ఏది వస్తే అది రాయి. మార్కులు దానికి వేస్తాను."

"మేడమ్ జీ, లీకు," అన్నాడు ఇంటర్నల్.

"గ్రీజు ఉందా?"

ల్యాబ్ అటెండర్ వాక్యూమ్ గ్రీజు డబ్బా ఎక్కడినుంచో దులుపుకుంటూ తెచ్చాడు. అమ్మాయి చున్నీ నడుముకు బిగించి, వాల్వు విప్పి తుడిచి, గ్రీజు రాసి బిగించింది. రబ్బరు బిరడా అంచున నెర్రె ఉంటే దాని మీదా రాసింది. పంపు నాలుగు సార్లు కొట్టింది. నీళ్ళు లేచి నిలిచాయి. ఆగాల్సిన ఆ పది నిమిషాలూ మేమిద్దరం ఆ ఎర్రనీళ్ళనే చూస్తూ నిలబడ్డాం. దిగలేదు.

మొదటిసారి వాల్వు తెరిచి, మూయడం ఆలస్యం చేసింది. పది నిమిషాలు ఆగితే నీళ్ళు కొంచెమే లేచాయి. ఇరవై, మూడు పాయింట్ తొమ్మిది. వేలితో గాలిలోనే భాగహారం చేసుకుంది. 1.24. అది పుస్తకంలోని సంఖ్యా కాదు, తన లెక్కలోని సంఖ్యా కాదు. నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను. కావాలని తిరిగింది కాదు, ఎండ కంట్లో పడుతుంటే కర్టెను సర్దుతున్నాను. మళ్ళీ చూసేసరికి కాగితం మీద రాసి ఉంది: 20.0, 3.9, 1.24. కొట్టివేత లేదు.

రెండోసారి గాలి ఎక్కించాక ఆగే పది నిమిషాల్లో ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చున్నాం. మిగతా పిల్లల బల్లల మీద బల్బులు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. నాకు కొంచెం మగతగా ఉంది. ఆ మగతలో సీసా లోపల అణువులు కనిపించాయి, జంటలు జంటలుగా, డంబెల్స్ లాగా, ఒకదాన్నొకటి తాకుతూ, గిరగిరా తిరుగుతూ. కానీ జంటల నడుమ కొయ్యలా బిగుసుకుని ఉంది, ఊపు లేదు.

"ఒక పిల్లకు మెట్లు ఎక్కించాలి," అన్నాను, సీసా మీంచి చూపు తిప్పకుండానే. "మెట్టు బెత్తెడు ఎత్తుంటే?"

"ఉరుక్కుంట ఎక్కుతది."

"మెట్టు ఇంటి కప్పంత ఎత్తుంటే?"

"ఎట్ల ఎక్కుతది? మొదటి మెట్టు కిందనే ఉంటది."

"శక్తి పంచడమంటే నీకు నీళ్ళు పోసినట్టు కనిపిస్తోంది, ఎంత కావాలంటే అంత. అణువు ఊపు అలా తీసుకోదు. మెట్టుకు మెట్టు తీసుకుంటుంది, సగం మెట్టు లేదు. తిరగడానికి మెట్లు చిన్నవి, కొన్ని డిగ్రీల కెల్విన్ చలిలో కూడా ఎక్కేస్తుంది. ఊగడానికి మెట్టు పెద్దది. నైట్రోజన్‌కు దాన్ని ఉష్ణోగ్రతగా చెబితే మూడువేల నాలుగువందల కెల్విన్. ఇప్పుడీ గది ఎంత?"

"ముప్పై ఎనిమిది. మూడువందల పదకొండు కెల్విన్."

"ఎన్ని రెట్లు?"

"పదకొండు," అంది. తరవాత మెల్లగా, "ఈ టు ద మైనస్ లెవెన్."

నా నోటుబుక్కు ముందుకు జరిపాను. పెన్సిల్ తీసుకుంది. లక్ష అణువుల్లో సుమారు రెండే ఆ మెట్టు ఎక్కగలవని తేలింది. ఆక్సిజన్‌కు మెట్టు తక్కువ, రెండువేల రెండువందల చిల్లర. అయినా పదివేలలో ఏడే.

"మత్లబ్, లక్షల రెండే ఊగుతున్నయా?"

"మిగతావి మొదటి మెట్టు కిందే ఉన్నాయి. వేడి పోస్తే అవి తీసుకోవు, తీసుకోలేవు. అందుకని ఊపు వాటా లెక్కలో ఉండదు. ఐదే మిగులుతాయి. చలి పెరిగేకొద్దీ ఇంకా పోతాయి. హైడ్రోజన్‌ను బాగా చల్లబరిస్తే తిరగడం కూడా ఆగి, హీలియంలా మూడే మిగులుతాయి."

ఆమె కిటికీ బయటికి చూసింది. అప్పటికి బయట నలభై ఐదు దాటి ఉంటుంది. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

"ఇంత ఎండల కూడ గా అణువులకు చలికాలమేనా?" అంది.

రెండో రీడింగు ఇరవై పాయింట్ నాలుగు, ఐదు పాయింట్ ఆరు. 1.38. మూడోది పంతొమ్మిది పాయింట్ రెండు, ఐదు పాయింట్ ఒకటి. 1.36. పన్నెండు యాభై ఎనిమిదికి పెన్ను కింద పెట్టింది.

వైవాకు ఇంటర్నల్ కూడా కూర్చున్నాడు. "ఒక్కోటి ఒక్కోలా ఉంది. 1.24, 1.38, 1.36," అన్నాడు. "దీన్ని బట్టి నీ 1.29 తప్పని ఎలా చెబుతావు? సగటు తీస్తే 1.33. 1.29కి, 1.40కి నడుమ ఉంది."

మంచి ప్రశ్న. నేను కూడా అదే అడగాలనుకున్నాను. అమ్మాయి హిందీలో జవాబిచ్చింది, తడుముకుంటూ. సగటు తియ్యకూడదంది. మొదటిసారి వాల్వు ఆలస్యంగా మూశాను, ఆ లోపల చల్లబడ్డ గాలి కొంత వేడెక్కి బయటికి పోయింది, అందుకని రెండో ఎత్తు తగ్గి గామా తగ్గింది అంది. లీకు మిగిలి ఉంటే అదీ గామాను తగ్గించేదే.

"పెంచే తప్పు ఏదీ లేదా?" అన్నాను.

ఆలోచించింది. "ఉన్నది. మరీ జల్ది మూస్తే, లోపల ఇంక ఎక్కువ గాలి మిగిలి రెండో ఎత్తు పెరుగుతది. కానీ సుయ్ మనే చప్పుడు మొత్తం ఆగినంకనే మూసిన." మళ్ళీ ఆయన వైపు తిరిగి హిందీలో: "అంటే సార్, నా తప్పులన్నీ కిందికే లాగుతున్నాయి. అసలు విలువ 1.38 కంటే పైనే ఉండాలి. 1.29 కావడానికి వీల్లేదు. నా లెక్కలో ఏడు తప్పు. ఐదే."

ఇంటర్నల్ కాగితం మీద మొదటి వరస చూపించాడు. "1.24ను ఎందుకు వదిలెయ్యలేదు? ఎవరూ చూడలేదు కదా."

"వచ్చింది కదా సార్," అంది.

ఆమెను బయటికి పంపి మార్కులు వేశాం. ఆయన రీడింగులకు పది దగ్గర ఆగుతానన్నాడు, రిజల్ట్ ప్రామాణిక విలువకు దూరమని. నేను పద్దెనిమిది అన్నాను. మూడే రీడింగులు కాబట్టి పూర్తి మార్కులివ్వలేదు. దూరానికి మాత్రం ఒక్క మార్కూ తగ్గించలేదు. "మరి ఆ పది రికార్డులూ?" అని అడిగాను. ఆయన పద్దెనిమిది వేశాడు. వైవాకు పదిహేడు. రికార్డుకు, కట్టిన రీడింగులు కాబట్టి, సున్నా. ఆమె ఒక్కతికే కాదు, ఆ పదిమందికీ సున్నా. దానికి ఆయన కాస్త వాదించాడు. నేను రెండు గంటలదాకా వాదించడానికి సిద్ధంగా ఉన్నానని చూసి సంతకం పెట్టాడు. ఆ ఐదు మార్కులు పోయినందుకు ఎవరూ తప్పలేదు, నేను కూడి చూసుకున్నాను. ఆమె మొత్తం ముప్పై ఐదు.

మార్కులు పిల్లలకు చెప్పకూడదు. ఎన్నడూ చెప్పలేదు. కవరుకు లక్క వేసి, సంచీ సర్దుకుని బయటికి వస్తే, ఆమె వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మార్కులడుగుతుందనుకున్నాను.

"మేడమ్, నా 1.29 ఏ వేడిల కరెక్టైతది?"

"చాలా వేడి కావాలి. ఎందుకు?"

"మా డాడీ ఫౌండ్రీల చేస్తడు. ఆడ ఇనుము పద్నాల్గువందల డిగ్రీల పోస్తరంట. ఆ కొలిమి మీద గాలి ఊగుతదా?"

వరండాలో నిలబడే నోటుబుక్కు తీసి లెక్క కట్టాను. మెట్టుకు, వేడికి నిష్పత్తి రెండు చిల్లర. ఊపు తన పూర్తి వాటాలో పదింట ఏడుపాళ్ళు తీసుకుంటుంది. నైట్రోజన్ ఐదుకు, ఏడుకు నడుమ ఉంటుంది. గామా 1.31. కాగితం ఆమె చేతికిచ్చాను.

"కొలిమి మీద నిద్ర లేస్తున్నయన్నట్టు," అంది.

"లేస్తున్నాయి. మూడున్నరవేలు దాటితే పూర్తిగా లేచినట్టే, అప్పుడు నీ లెక్క దాదాపు సరే. ఈ మెట్లు ఎందుకున్నాయో నేను చెప్పలేదు, అది పెద్ద కథ. జులైలో మీ ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లోనే చెబుతారు, శ్రద్ధగా విను."

అన్నాక తెలిసింది నేనేం అన్నానో. ఆమెకూ తెలిసింది. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా సంచీ అందుకుని మెట్ల వైపు నడిచింది.